మెడికల్ షాపు లైసెన్స్ ఫైలును ఒక్క పేజీకి కుదించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కందుకూరు, కావలి, సింగరాయకొండ వైపు మెడికల్ షాపుల లైసెన్స్ కాగితాలు చూసే ఆఫీసులో నేను చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఫైలు మొత్తం చదివే తీరిక మా అడ్మినిస్ట్రేటర్ మేడంకు ఉండదు. ఆమెకు మూడు విషయాలు తెలిస్తే చాలు. ఏ కాగితాలు ఇంకా రావాలి, ఏ ఫీజులు కట్టాం, తర్వాతి గడువులు ఎప్పుడు. ఆ మూడింటినీ ఒక పేజీలో రాసిచ్చేటప్పుడు కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. అన్ని రకాల షాపుల జోలికీ పోకుండా మెడికల్ షాపు ఫైలునే తీసుకున్నాను. తేదీల దగ్గర ఎక్కువమంది పొరపడేది అందులోనే.

ఫైలు చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పైనున్న కాగితంతో మొదలుపెట్టకండి. మన ఫైళ్లలో తాజా కాగితం పైకి వస్తుంది కాబట్టి, అదే ఇప్పటి పరిస్థితి అనిపిస్తుంది. కానీ అది సగంలో ఆగిపోయిన పని తాలూకు కాగితం కావచ్చు.

ముందు ఫైలంతా తిరగేసి సర్టిఫికెట్లు మాత్రం పక్కకు తీయండి. మామూలు మెడికల్ షాపు ఫైల్లో ఫారం 20, ఫారం 21 డ్రగ్ లైసెన్సులు, ఫార్మసిస్ట్ రిజిస్ట్రేషన్, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్, జీఎస్టీ సర్టిఫికెట్ ఉంటాయి. పాలపొడి, ప్రొటీన్ డబ్బాల్లాంటివి అమ్మితే ఆహార పదార్థాలకు ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ సర్టిఫికెట్ కూడా ఉంటుంది. తర్వాత ప్రతి సర్టిఫికెట్ వెనకా దానికి సంబంధించిన చలానాలు, దరఖాస్తులు, ఉత్తరాలు పేర్చండి. అరవై కాగితాల ఫైలుకు ఈ పని అరగంట పడుతుంది. ఏ లైసెన్స్ వెనకా చేరని కాగితాలు నాలుగైదు మిగులుతాయి. వాటిని పారేయకండి. చాలాసార్లు అసలు సమస్య ఆ నాలుగైదు కాగితాల్లోనే దొరుకుతుంది.

డ్రగ్ లైసెన్స్‌కు ఇప్పుడు గడువే లేదంటున్నారు. మరి గడువు గడిలో ఏం రాయాలి?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

గతంలో రిటైల్ డ్రగ్ లైసెన్స్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించేవాళ్లు. ఫలానా తేదీ వరకు చెల్లుతుందని లైసెన్స్ మీదే ఉండేది. 2017 అక్టోబరులో కేంద్రం 1945 నాటి డ్రగ్స్ నిబంధనలను సవరించింది. అప్పటి నుంచి రద్దు చేసేవరకో, సస్పెండ్ చేసేవరకో లైసెన్స్ చెల్లుతుంది. కాకపోతే లైసెన్స్ కొనసాగడానికి ప్రతి ఐదేళ్లూ పూర్తయ్యేలోపు రిటెన్షన్ ఫీజు కట్టాలి. అంటే లైసెన్స్‌కు గడువు లేకపోయినా ఫీజుకు గడువు ఉంది. ఆ గడువు దాటితే లైసెన్స్‌కే ముప్పు.

కాబట్టి ఆ గడిని ఖాళీగా వదలొద్దు, ‘శాశ్వతం’ అనీ రాయొద్దు. ‘రిటెన్షన్ ఫీజు ఆఖరు తేదీ’ అని పేరు పెట్టి, ఆ తేదీ వేయండి. ఫైల్లో పాత రెన్యువల్ కాపీ ఉంటే దాని మీది ‘2020 జూన్ 21 వరకు’ లాంటి తేదీని గడువుగా ఎక్కించకండి. అక్కడి నుంచి ఐదేళ్ల చొప్పున లెక్కపెట్టి, ఆ తేదీకీ, తర్వాత వచ్చిన ప్రతి ఆఖరు తేదీకీ ఫీజు కట్టిన రుజువు ఉందో లేదో చూడండి.

ఫారం 20, ఫారం 21 రెండు వేర్వేరు లైసెన్సులు. ఇన్సులిన్, వ్యాక్సిన్ల లాంటి షెడ్యూల్ సి మందులకు ఫారం 21 కావాలి, మామూలు మందులకు ఫారం 20. చాలా షాపులు రెండూ ఒకే రోజు తీసుకుంటాయి కాబట్టి తేదీలు ఒకటే ఉంటాయి. కానీ ఫారం 21 తర్వాత తీసుకున్న షాపులు కూడా నేను చూశాను. సారాంశంలో రెండింటికీ రెండు వరుసలు పెట్టండి.

ఆఖరు తేదీ దాటిపోయాక చూసుకుంటే?

ఆరు నెలల వరకు దారి ఉంది. నెలకు రెండు శాతం చొప్పున లేటు ఫీజుతో కట్టొచ్చు. నెలలో కొన్ని రోజులే గడిచినా పూర్తి నెల కిందే లెక్క. ఆరు నెలలూ దాటితే లైసెన్స్ రద్దయినట్టే పరిగణిస్తారు. ఆ తర్వాత కొత్త లైసెన్స్‌కు మొదటి నుంచీ దరఖాస్తు చేసుకోవాలి.

రిటెన్షన్ ఫీజు ఫారం 20కి 1,500, ఫారం 21కి 1,500, కలిపి 3,000 రూపాయలు. దాని మీద రెండు శాతం అంటే నెలకు 60 రూపాయలు. ఆలస్యానికి పడే డబ్బు తక్కువే. అందుకే షాపు యజమానులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. సారాంశంలో లేటు ఫీజు మొత్తం ఒక్కటే రాస్తే చదివేవాళ్లూ తేలిగ్గానే తీసుకుంటారు. అందుకే ఆరు నెలలు ఏ రోజుతో ముగుస్తాయో ఆ తేదీ కూడా పక్కనే రాయాలి.

ఫైల్లో చలానా ఉంది. ఫీజు కట్టినట్టే కదా?

కాదు. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మేం దాదాపు ఒక లైసెన్స్ పోగొట్టేవాళ్లం.

కందుకూరు బస్టాండు దగ్గరి ఒక మెడికల్ షాపు ఫైలు 2025 జూలై 14న నా బల్ల మీదికి వచ్చింది. 2015 జూన్ 22న రెన్యువల్ అయిన ఫారం 20, 21 అందులో ఉన్నాయి, 2020 జూన్ 21 వరకు. 2020లో రిటెన్షన్ ఫీజు కట్టారు, రుజువు ఉంది. అంటే తర్వాతి ఆఖరు తేదీ 2025 జూన్ 21. ఫైలు పైన 2025 జూన్ 12 తేదీతో 3,000 రూపాయల చలానా ఉంది. నాకంటే ముందు ఫైలు చూసిన అబ్బాయి ‘ఫీజు కట్టబడింది, తర్వాతి గడువు 2030 జూన్’ అని పెన్సిల్‌తో రాసి పెట్టాడు. చూడగానే అంతా సరిగానే ఉందనిపిస్తుంది.

చలానా ఇంకోసారి చూశాను. దాని మీద చలానా నంబరు, ఖాతా పద్దు, మొత్తం, షాపు పేరు ఉన్నాయి. బ్యాంకు రెఫరెన్స్ నంబరు లేదు, డబ్బు జమైన తేదీ లేదు. అంటే అది చలానా తయారైనట్టు చెప్పే కాగితమే కానీ డబ్బు కట్టినట్టు చెప్పేది కాదు. షాపు పెద్దాయనకు ఫోన్ చేస్తే, “కట్టాం కదమ్మా, కాగితం కూడా ఫైల్లో పెట్టాను” అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే కట్టామనుకున్నారు.

షాపు ఖాతా స్టేట్‌మెంట్ జూన్ 10 నుంచి నెలాఖరు వరకు తెప్పించాను. 3,000 ఎక్కడా పోలేదు. వాళ్లబ్బాయి తన సొంత ఖాతాలోంచి కట్టాడేమోనని అదీ అడిగాను. అక్కడా లేదు. ఆ అబ్బాయి చలానా తీసి, నెట్ బ్యాంకింగ్ పేజీ దాకా వెళ్లాడు. ఓటీపీ వచ్చేలోపు పేజీ ఆగిపోయింది. ప్రింటు మాత్రం తీసి నాన్నకు ఇచ్చాడు.

అప్పటికి ఆఖరు తేదీ దాటి 23 రోజులైంది. ఇంకా మొదటి నెలలోనే ఉన్నాం కాబట్టి లేటు ఫీజు 60, మొత్తం 3,060 రూపాయలు. జూలై 22 వస్తే 3,120 అయ్యేది. 2025 డిసెంబరు 21 దాటితే లైసెన్స్ ఉండేది కాదు. పెన్సిల్ రాతను నమ్మి ఫైలు మూసేసి ఉంటే, 2030 దాకా ఎవరూ ఆ ఫైలు తెరిచేవాళ్లు కాదు.

అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక్క చలానా గడిని మూడు గడులుగా రాస్తున్నాం. చలానా తీసిన తేదీ, డబ్బు జమైన తేదీతో పాటు రెఫరెన్స్ నంబరు, ఆ చెల్లింపు దరఖాస్తులో నమోదైన తేదీ. మొదటిది మాత్రమే ఉంటే ‘ఫీజు కట్టలేదు’ అనే రాస్తాం. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే ‘డబ్బు కట్టారు, దరఖాస్తుకు జత కాలేదు’ అని రాస్తాం. డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడినా ఆన్‌లైన్‌లో దరఖాస్తు సమర్పించకపోతే పని సగంలోనే ఉన్నట్టు.

ఒకే ఫీజు రెండుసార్లు కట్ అయితే ఎలా చూపించాలి?

రెండూ చూపించండి, కానీ ‘కట్టిన ఫీజు’లో ఒక్కదాన్నే కలపండి. రెండోదాన్ని ‘తిరిగి రావలసినది’ అని విడిగా రాసి, స్టేట్‌మెంట్‌లో వెనక్కి వచ్చిందో లేదో తేదీతో సహా చెప్పండి.

మీ-సేవ సర్వీసు చార్జీ, మా ఆఫీసు ఫీజు, స్టాంపు పేపర్ల ఖర్చు లైసెన్స్ ఫీజులో కలపకూడదు. మొత్తం ఒక్కటే అంకె వేస్తే వచ్చే ఐదేళ్ల తర్వాత చూసేవాళ్లు 3,000కి బదులు 3,800 కట్టాలనుకుంటారు.

పెండింగ్ కాగితాల జాబితాలో ఏం రావాలి?

‘లేదు’ అనే ఒక్క మాట సరిపోదు. నేను మూడు రకాలుగా రాస్తాను. కాగితం అసలు లేదు. కాగితం ఉంది కానీ తేదీ దాటింది. కాగితం ఉంది కానీ వేరేవాళ్లది.

మూడో రకాన్ని పట్టుకోవడం కష్టం. పైన చెప్పిన ఫైల్లోనే ఫార్మసిస్ట్ రిజిస్ట్రేషన్ కాపీ చక్కగా ఉంది, గడువులోనే ఉంది. కానీ ఆ ఫార్మసిస్ట్ అంతకు ముందు ఏడాదే మానేసి ఒంగోలు వెళ్లిపోయాడు. కొత్తగా చేరిన ఫార్మసిస్ట్ నియామక పత్రం ఒకటి ఎక్కడికీ చేరకుండా మిగిలిన నాలుగైదు కాగితాల్లో దొరికింది. ఆవిడ రిజిస్ట్రేషన్, రెన్యువల్ రసీదు, అంగీకార పత్రం ఏవీ లేవు. ఫార్మసిస్ట్ మారిన సంగతి ఔషధ నియంత్రణ శాఖకు తెలియజేసినట్టు కూడా ఫైల్లో లేదు. కాగితం ఉందా లేదా అని టిక్కు పెట్టుకుంటూ పోతే ఇది దొరకదు. కాగితం మీది పేరు, ఇప్పుడు షాపులో పనిచేస్తున్న మనిషి పేరు ఒకటేనా అని చూడాలి.

రెండో రకానికి ఉదాహరణ అద్దె అగ్రిమెంటు. మన దగ్గర ఎక్కువమంది పదకొండు నెలలకే రాసుకుంటారు. గడువు అయిపోయాక అద్దె కడుతూనే ఉంటారు కానీ అగ్రిమెంటు మళ్లీ రాసుకోరు. కరెంటు బిల్లు ఉంది కదా అంటారు. బిల్లు ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. షాపు అక్కడ నడుపుకునే హక్కు మీకు ఉందని అది చెప్పదు.

ప్రతి పెండింగ్ కాగితం పక్కన అది ఎవరి నుంచి రావాలో రాయండి. యజమానా, ఫార్మసిస్టా, ఇంటి ఓనరా. ఫోన్ చేయాల్సింది అడ్మినిస్ట్రేటరే కాబట్టి ఆమెకు కాగితం పేరు కంటే మనిషి పేరే ముందు కావాలి.

ఒకే షాపుకు కొన్ని కాగితాల్లో ప్రకాశం జిల్లా అనీ, కొన్నింటిలో నెల్లూరు జిల్లా అనీ ఉంది. తప్పుగా రాయాలా?

రాయక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. అదే రోజు చీరాల, అద్దంకి వైపు ఊళ్లు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఆ తేదీకి ముందు ఇచ్చిన కాగితంలో ప్రకాశం అని ఉండటం సహజం. సరిహద్దులు ఎప్పుడు మారినా పద్ధతి ఇదే. కాగితం తేదీ చూసి, అప్పటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో పోల్చుకోండి.

నిజంగా చూడాల్సింది డోర్ నంబరు. డ్రగ్ లైసెన్స్ ఆ ఫలానా చోటుకే ఇస్తారు. జిల్లా పేరు మారి డోర్ నంబరు అదే ఉంటే షాపు కదల్లేదు. డోర్ నంబరు మారిందంటే మునిసిపాలిటీ కొత్త నంబర్లు వేసిందా, లేక షాపే పక్క గదిలోకి మారిందా అని అడగాలి. షాపే మారి ఉంటే పాత లైసెన్స్ ఆ కొత్త గదికి పనిచేయదు. అప్పుడు ఆ మాట సారాంశంలో మొదటి వరుసలోనే ఉండాలి.

పార్ట్‌నర్ మారితే గడువు మారుతుందా?

రిటెన్షన్ తేదీ మారదు కానీ దానికంటే దగ్గరలో ఇంకో గడువు పుడుతుంది. సంస్థ నిర్మాణం మారితే, అంటే పార్ట్‌నర్ తప్పుకున్నా, కొత్తవాళ్లు చేరినా, ఉన్న లైసెన్స్ ఆ మార్పు జరిగిన రోజు నుంచి గరిష్ఠంగా మూడు నెలలే చెల్లుతుంది. ఆలోపు కొత్త నిర్మాణం పేరు మీద లైసెన్స్ తీసుకోవాలి.

ఈ తేదీ ఏ సర్టిఫికెట్ మీదా అచ్చయి ఉండదు. పార్ట్‌నర్‌షిప్ డీడ్ మీది తేదీ నుంచి మనమే లెక్కపెట్టాలి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. డీడ్ ఆడిటర్ దగ్గర ఉంటుంది, లైసెన్స్ ఫైలు మన దగ్గర ఉంటుంది. రెండూ ఒకచోట చూసేవాళ్లు ఉండరు. అందుకే ఫైలు తెరిచిన ప్రతిసారీ నేను యజమానిని అడిగే మొదటి ప్రశ్న, “పార్ట్‌నర్లలో ఎవరైనా మారారా అండీ?”

మిగతా లైసెన్సుల తేదీలు?

ట్రేడ్ లైసెన్స్ ఆర్థిక సంవత్సరం ప్రకారం నడుస్తుంది కాబట్టి సాధారణంగా మార్చి 31. రసీదు తేదీ నుంచి ఏడాది అని లెక్కపెట్టకండి. కార్మిక శాఖ రిజిస్ట్రేషన్‌కు సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ. జీఎస్టీ రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు గడువు ఉండదు, ‘గడువు లేదు’ అని రాయండి. ఖాళీ వదిలితే చూడటం మర్చిపోయారనుకుంటారు. ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుందన్నది గుర్తుంచుకుంటే వేరే కాగితం కలిసిపోయినప్పుడు పట్టుకోవచ్చు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులో 14 అంకెలుంటాయి. నాలుగు, ఐదు స్థానాల్లోవి నంబరు ఇచ్చిన సంవత్సరాన్ని చెబుతాయి. అక్కడ 22 ఉంటే 2022లో ఇచ్చారని అర్థం. గడువుతో దానికి సంబంధం లేదు.

ఎక్సెల్‌లో తేదీలు తారుమారు అవుతున్నాయి. ఎందుకు?

కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 06-07-2025 అని కొడితే జూలై 6 బదులు జూన్ 7గా తీసుకుంటుంది. 21-06-2025 అని కొడితే ఇరవై ఒకటో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. గుర్తుపట్టడం తేలిక. మీరు అమరిక మార్చకపోతే నిజమైన తేదీ గడిలో కుడివైపు ఉంటుంది, అక్షరాలుగా మిగిలినది ఎడమవైపు ఉంటుంది. మొదటి రకం తప్పు మాత్రం కంటికి కనిపించదు. అందుకే గడి ఫార్మాట్‌లో నెల పేరు అక్షరాల్లో వచ్చేలా పెట్టుకోండి.

`B2`లో ఐదేళ్లు మొదలైన తేదీ ఉంటే రిటెన్షన్ ఆఖరు తేదీకి ఇది చాలు:

```
=EDATE(B2,60)-1
```

2020 జూన్ 22 ఇస్తే 2025 జూన్ 21 వస్తుంది. చివర ఒకటి తీసేయకపోతే ఐదేళ్లు నిండిన మరుసటి రోజు వస్తుంది. ఆ రోజు కడితే ఆలస్యం కిందే లెక్క. ఫలితం అంకెలాగా కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ గడికి తేదీ ఫార్మాట్ పెట్టండి.

అన్నీ అయ్యాక ఆ పేజీ ఎలా ఉండాలి?

కందుకూరు షాపుకు జూలై 14న నేను ఇచ్చిన పేజీ దాదాపు ఇలా ఉంది.

వెంటనే చేయాల్సింది: ఫారం 20, 21 రిటెన్షన్ ఫీజు కట్టలేదు. ఆఖరు తేదీ 2025 జూన్ 21 దాటింది. జూలై 21లోపు కడితే 3,060 రూపాయలు. డిసెంబరు 21 దాటితే లైసెన్స్ రద్దయినట్టే.

కట్టిన ఫీజులు: ట్రేడ్ లైసెన్స్ 2025–26, మార్చి 27న కట్టారు, రసీదు ఉంది. డ్రగ్ లైసెన్స్ చలానా జూన్ 12న తీశారు, డబ్బు జమ కాలేదు, రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు చూశాం.

రావలసిన కాగితాలు: కొత్త ఫార్మసిస్ట్ రిజిస్ట్రేషన్, రెన్యువల్ రసీదు, అంగీకార పత్రం, ఆవిడ నుంచి. ఫార్మసిస్ట్ మార్పు తెలియజేసిన ఉత్తరం కాపీ, యజమాని నుంచి. కొత్త అద్దె అగ్రిమెంటు, ఇంటి ఓనరు సంతకంతో.

తర్వాతి తేదీలు: ట్రేడ్ లైసెన్స్ 2026 మార్చి 31. రిటెన్షన్ ఫీజు కట్టి నమోదయ్యాక 2030 జూన్ 21. జీఎస్టీకి గడువు లేదు.

రిటెన్షన్ ఆలస్యంగా కట్టినా తర్వాతి ఐదేళ్లను కట్టిన రోజు నుంచి లెక్కపెట్టలేదు చూడండి. పాత గడువు నుంచే లెక్కపెట్టాను. అలా చేస్తే ఎప్పుడూ ముందు తేదీయే వస్తుంది, నష్టం లేదు.

గుర్తుచేసే తేదీ ఎంత ముందు పెట్టాలి?

నేను రిటెన్షన్‌కు తొంభై రోజుల ముందు పెడతాను. ఫీజు కట్టడం గంట పని. ఫార్మసిస్ట్ కాగితాలు తెప్పించడానికి, అద్దె అగ్రిమెంటు మీద ఊళ్లో లేని ఓనరు సంతకం పెట్టించడానికి నెలన్నర పడుతుంది. ట్రేడ్ లైసెన్స్‌కు మార్చి మొదటి వారం చాలు.

సారాంశంలో నా అభిప్రాయం రాయొచ్చా?

రాయండి, కానీ విడిగా. ‘కట్టి ఉండొచ్చు’, ‘వచ్చే వారం ఇస్తామన్నారు’ లాంటివి ఫీజు గడిలోకో, కాగితాల గడిలోకో రానివ్వకండి. కింద ‘విన్నది’ అని ఒక వరుస పెట్టి, ఎవరు ఏ రోజు చెప్పారో రాయండి. కందుకూరు పేజీలో ఆ వరుసలో ఒకటే ఉంది: ‘జూన్‌లోనే కట్టామని యజమాని ఫోన్‌లో చెప్పారు, జూలై 14.’ మూడు రోజుల తర్వాత 3,060 కట్టిన రసీదు వచ్చాక ఆ వరుస కొట్టేశాను.